ఒక్క బర్నరే పసుపుగా మండుతోంది, ఇగ్నిషన్ టిక్కుటిక్కుమంటుంది గాని అంటుకోవడం లేదు

బొబ్బిలి_వీణ
మేము విజయనగరంలో ఉంటున్నాము. మాది మూడు బర్నర్ల గాజుపలక స్టవ్వు. కుడి, ఎడమ బర్నర్లు ఒకే పరిమాణంలో ఉంటాయి, మధ్యది చిన్నది. వేసవి సెలవుల్లో ఇంటికి తాళం వేసి విశాఖలో మా అక్క వాళ్ళింట్లో ఉండి వచ్చాము. వచ్చినప్పటి నుంచి ఎడమ బర్నరు మంట పసుపుగా, నీరసంగా వస్తోంది, అదీ సగం చుట్టే మండుతోంది, మిగిలిన సగంలో అక్కడక్కడ చిన్న నాలుకలు మాత్రమే కనిపిస్తున్నాయి. గిన్నెల అడుగున చేతికి అంటుకునే మసి పడుతోంది. నాబ్ నొక్కి తిప్పితే ఇగ్నిషన్ టిక్కుటిక్కుమని కొడుతూనే ఉంటుంది గాని అంటుకోదు, అగ్గిపుల్ల చూపిస్తే భగ్గుమని ఒక్కసారిగా అంటుకుంటుంది. బర్నరు తీసి చింతపండుతో తోమాను, పిన్నీసుతో రంధ్రాలన్నీ పొడిచాను, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టాను. అయినా ఏ మార్పూ లేదు. మిగిలిన రెండు బర్నర్లూ నీలంగానే మండుతున్నాయి. కారణం ఏమై ఉంటుందో, ఏ క్రమంలో చూసుకోవాలో తెలిసినవారు చెప్పండి.

కంటోన్మెంట్_రావు
సిలిండరు అయిపోవచ్చినట్టుంది. గ్యాసు చివరికి వచ్చినప్పుడు మంట పసుపుగా మారడం, గిన్నెలు మసిబారడం మా ఇంట్లో ప్రతిసారీ చూస్తున్నదే. ముందు సిలిండరు మార్చి చూడండి, దానితో పోకపోతే రెగ్యులేటరు మార్పించండి.

బొబ్బిలి_వీణ
రావు గారూ, సిలిండరు ఊరి నుంచి వచ్చాకే మార్చాము, బరువుగానే ఉంది. పైగా ఆ సిలిండరు మీదే పక్క బర్నరు చక్కగా మండుతోంది కదా.

మరమ్మతు_నాయుడు
వీణ గారు చెప్పిన చివరి మాటలోనే సగం సమాధానం ఉంది. సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు ట్యూబు అన్నవి మూడు బర్నర్లకూ ఉమ్మడి. వాటిలో దేనిలో లోపం ఉన్నా మూడు మంటలూ చెడతాయి. ఒక్కటే చెడిందంటే లోపం ఆ నాబ్ నుంచి ఆ బర్నరు వరకు ఉన్న దారిలోనే ఉంది. ఆ దారిలో నాబ్ కింది వాల్వు, దాని చివర ఇత్తడి జెట్టు, జెట్టు ఎదురుగా మొదలయ్యే మిక్సింగ్ ట్యూబు, దాని మీద కూర్చునే బర్నరు ఉంటాయి.

ఇక ఏదీ విప్పకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. మీ కుడి, ఎడమ బర్నర్లు ఒకే పరిమాణం అన్నారు కనుక, స్టవ్వు పూర్తిగా చల్లారాక వాటిని ఇటుది అటు, అటుది ఇటు మార్చి పెట్టండి. రెండూ ఊగకుండా గాడిలో సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకుని వెలిగించండి. పసుపు మంట బర్నరుతో పాటు కుడి వైపుకు వెళ్ళిపోతే దాని రంధ్రాలు ఇంకా మూసుకుని ఉన్నట్టు. ఎడమవైపే ఉండిపోతే బర్నరుకు ఏ పాపమూ తెలియదు, కింద చూడాలి.

కంటోన్మెంట్_రావు
నాయుడు గారి మాట కాదనను. అయితే స్టవ్వు కింద మిక్సింగ్ ట్యూబు మొదట్లో గాలి వెళ్ళడానికి చిన్న రేకు మూత ఉంటుంది. దాన్ని కొంచెం తెరిస్తే పసుపు మంట నీలంగా మారుతుంది. మా స్టవ్వుకు మెకానిక్ అంతే చేశాడు, రెండు నిమిషాల పని.

చీపురుపల్లి_వంటశాల
నేను హాస్టల్లో వంట చేస్తాను, రోజూ పెద్ద స్టవ్వులతోనే నా పని. మంట నీరసంగా ఉందంటే జెట్టు మూసుకుందని అర్థం. జెట్టు రంధ్రంలో సూది గట్టిగా దూర్చి రెండు తిప్పులు తిప్పితే మంట బ్రహ్మాండంగా లేస్తుంది. ఇంతదానికి ఇన్ని పరీక్షలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

మరమ్మతు_నాయుడు
ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఇళ్ళలో వాడే స్టవ్వు జెట్టు రంధ్రం ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటుంది. ఆ సన్నదనమే ఎంత గ్యాసు రావాలో నిర్ణయిస్తుంది. జెట్టు మెత్తని ఇత్తడితో చేసినది, సూది గట్టి ఉక్కు. ఒక్క తిప్పుకే రంధ్రం పెద్దదవుతుంది, లేదా గుండ్రదనం పోయి వంకరవుతుంది. పెద్దదైతే గ్యాసు ఎక్కువ వస్తుంది, దానికి తగిన గాలి అందదు, మంట పొడుగ్గా లేస్తుంది గాని పసుపుగా మండి మసి కొడుతుంది. వంకరైతే గ్యాసు ధార ట్యూబు మధ్యగా వెళ్ళకుండా పక్క గోడకు కొట్టుకుంటుంది, అప్పుడు గాలిని లాగే శక్తే తగ్గిపోతుంది. మంట పెద్దదైంది కదా అని మొదట్లో సంతోషంగానే ఉంటుంది. నెల తిరిగేసరికి సిలిండరు త్వరగా అయిపోతోందని, గిన్నెలు నల్లబడుతున్నాయని నా దగ్గరకు తెస్తారు. సూది తిప్పిన జెట్టును బాగుచేసే మార్గం లేదు, అదే నంబరు జెట్టు కొత్తది వేయవలసిందే.

జెట్టులో దుమ్ము ఉందని తేలితే దాన్ని విప్పి, వేడి సబ్బునీటిలో నానబెట్టి, వెనక వైపు నుంచి గట్టిగా ఊదాలి. అప్పటికీ రాకపోతే కరెంటు వైరులోని సన్నని రాగి పోగు ఒకటి తీసి, తిప్పకుండా ఒకసారి దూర్చి తీయాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా, అంచులు శుభ్రంగా కనిపించాలి.

చీపురుపల్లి_వంటశాల
మా హాస్టల్ స్టవ్వులు పెద్దవి, వాటి జెట్లు కూడా పెద్దవి. వాటికి సూది వాడితే ఇంతవరకు ఏమీ కాలేదు. ఇంటి స్టవ్వు సంగతి వేరని మీరంటే ఒప్పుకుంటాను.

కళింగపట్నం_అల
మాది సముద్రం ఒడ్డు. మా మంటలో ఎప్పుడూ నారింజ రంగు నాలుకలు కనిపిస్తూనే ఉంటాయి. బర్నరు కొత్తది వేసినా పోలేదు. ఇది కూడా వీణ గారి సమస్య లాంటిదేనా?

ఆమదాలవలస_మాస్టారు
కాదండీ, ఈ రెండింటినీ వేరుగా చూడాలి. సముద్రపు గాలిలో ఉప్పు కణాలు ఉంటాయి. ఉప్పులోని సోడియం మంటలో పడితే పసుపు, నారింజ రంగు వెలుగునిస్తుంది. ఉప్పు వేసిన అన్నం గంజి పొంగి బర్నరు మీద పడినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ రంగు మెరుపులు మెరుపులుగా వచ్చి పోతుంది, మంట మొదలు మాత్రం నీలంగానే ఉంటుంది, గిన్నెకు మసి పట్టదు. దానివల్ల నష్టం లేదు.

వీణ గారిది వేరు. గాలి చాలనప్పుడు గ్యాసులోని కార్బన్ పూర్తిగా మండదు, సన్నని రేణువులుగా విడివడి వేడికి ఎర్రగా కాలి పసుపుగా వెలుగుతుంది, అదే చల్లని గిన్నె అడుగుకు తగిలి మసిగా అంటుకుంటుంది. తేడా తెలుసుకోవడానికి తోమిన స్టీలు గరిటె ఒకటి మంటలో కొద్దిసేపు ఉంచి చూడండి. నల్లబడితే గాలి చాలడం లేదు, నల్లబడకపోతే ఉప్పో దుమ్మో అయి ఉంటుంది. మసి కొట్టే మంటను తలుపులు మూసిన వంటగదిలో ఎక్కువసేపు వాడడం మంచిది కాదు, కార్బన్ మోనాక్సైడ్ కూడా దానితోనే పుడుతుంది, దానికి రంగు గాని వాసన గాని ఉండవు.

రావు గారి మాటలోనూ నిజం ఉంది. మన సిలిండరులో ప్రొపేను, బ్యూటేను కలిసి ఉంటాయి. ప్రొపేను తేలికగా ఆవిరవుతుంది కనుక ముందుగా ఎక్కువ పాలు అదే వెళ్ళిపోతుంది, చివరికి బ్యూటేను పాలు పెరుగుతుంది. ఒక పాలు ప్రొపేను పూర్తిగా మండడానికి సుమారు 24 పాళ్ళ గాలి కావాలి, బ్యూటేనుకు సుమారు 31 పాళ్ళు కావాలి. అందుకే సిలిండరు చివరికి వచ్చినప్పుడు మంటలో కొంచెం పసుపు కనిపిస్తుంది. కాకపోతే అది అన్ని బర్నర్లలోనూ కనిపించాలి.

కళింగపట్నం_అల
గరిటె నల్లబడలేదు మాస్టారూ. బర్నరు మార్చిన డబ్బులు పోతే పోయాయి, మనసు కుదుటపడింది.

రాజాం_కోడలు
నాదీ ఇగ్నిషన్ సమస్యే. మా స్టవ్వు అంటుకున్న తరువాత కూడా టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, నాబ్ కట్టేసినా ఆగదు. బర్నరు రంధ్రాలు పొడిస్తే ఆగుతుందా?

మరమ్మతు_నాయుడు
రాజాం అమ్మా, మీ సమస్య వీణ గారి సమస్యకు పూర్తిగా ఎదురు. ఆమెకు నిప్పురవ్వ పుట్టవలసిన చోట పుట్టడం లేదు, మీకు ఆగవలసినప్పుడు ఆగడం లేదు. బర్నరుకు దీనితో సంబంధమే లేదు. నాబ్ వెనక చిన్న స్విచ్చి ఉంటుంది, నాబ్ నొక్కినప్పుడే అది కలవాలి. స్టవ్వును తడిగుడ్డతో తుడిచినప్పుడు, పాలు పొంగినప్పుడు నీరు నాబ్ సందులోంచి లోపలికి దిగి ఆ స్విచ్చిని కలిపేస్తుంది. ముందు బ్యాటరీ తీసేయండి. రెగ్యులేటరు కట్టేసి నాబ్‌లు నేరుగా పైకి లాగి, ఆ సందులు పొడిగుడ్డతో తుడిచి, రాత్రంతా ఫ్యాను గాలికి వదిలేయండి. తడి ఒక్కటే కారణమైతే పొద్దుటికి ఆగుతుంది. ఆగకపోతే స్విచ్చి లోపల తుప్పు పట్టినట్టు, అది మార్చాలి.

బొబ్బిలి_వీణ
బర్నర్లు మార్చి చూశాను. ఎడమవైపు బర్నరు కుడివైపున నీలంగా, నిండుగా మండింది. కుడివైపు మంచి బర్నరు ఎడమవైపు పెట్టగానే పసుపుగా, సగంగా మండింది. అంటే లోపం కిందనే ఉన్నట్టు కదా? రావు గారు చెప్పిన రేకు మూత కూడా కింద చేయి పెట్టి పూర్తిగా తెరిచాను. మంట కొంచెం మెరుగైంది గాని మసి పోలేదు.

కంటోన్మెంట్_రావు
చూశారా, మెరుగైంది కదా.

మరమ్మతు_నాయుడు
మెరుగైందంటే గాలి చాలడం లేదన్న సంగతి రూఢి అయింది, అంతవరకు రావు గారికి కృతజ్ఞతలు. కానీ ఊరికి వెళ్ళేముందు అదే రేకు అదే స్థానంలో ఉండగా మంట బాగానే ఉంది. రేకు తనంతట తాను జరగదు. మధ్యలో ఏదో అడ్డుపడింది.

ఇల్లు మూసి ఉంచి తెరిచాక ఒక్క బర్నరు పసుపుగా మారిందని ఎవరైనా చెబితే నేను ముందుగా మిక్సింగ్ ట్యూబులో సాలెగూడు కోసం చూస్తాను. ఆ గొట్టం చీకటిగా, సన్నగా, ఎవరూ కదపని చోటుగా ఉంటుంది. జెట్టు దగ్గర గాలి వెళ్ళే ఖాళీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది కనుక చిన్న సాలీళ్ళు అక్కడి నుంచి లోపలికి దూరతాయి. మన పల్లెల్లో అయితే కందిరీగ మట్టిగూడు కట్టిన స్టవ్వులు కూడా చూశాను. జెట్టు నుంచి గ్యాసు వేగంగా దూసుకుపోతూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుపోతుంది, అందుకు గొట్టం ఖాళీగా ఉండాలి. లోపల సాలెగూడు ఉంటే గ్యాసు ఎలాగోలా దూరిపోతుంది గాని గాలి మాత్రం సరిపడా వెళ్ళదు. పసుపు రంగు, మసి, నీరసం, సగం మంట అన్నీ దానివల్లే వస్తాయి.

చూసే విధానం చెబుతాను, తొందరపడకుండా చేయండి. ముందు సిలిండరు మీది రెగ్యులేటరు కట్టేయండి. తరువాత ఒక బర్నరు వెలిగించి రబ్బరు ట్యూబులో మిగిలిన గ్యాసు మండిపోయి మంట ఆరేదాకా ఉంచి నాబ్ కట్టేయండి. అప్పుడు రెగ్యులేటరును సిలిండరు నుంచి వేరు చేయండి. కిటికీలు తెరిచి ఉండాలి, ఇంట్లో ఎక్కడా దీపం గాని అగరవత్తి గాని వెలుగుతూ ఉండకూడదు. స్టవ్వు పూర్తిగా చల్లారాక బర్నర్లు, గిన్నెలు నిలబెట్టే స్టాండ్లు తీసి పక్కన పెట్టండి. గాజుపలక కనుక ఒక్కరే ఎత్తవద్దు, ఇద్దరు పట్టి దుప్పటి మడత మీద నిలువుగా ఆనించండి. అప్పుడు బర్నరు కూర్చునే రంధ్రంలోకి టార్చి వేసి, రెండో వైపు జెట్టు దగ్గర నుంచి చూడండి. కుడివైపు గొట్టంలో వెలుతురు ఎలా కనిపిస్తోందో, ఎడమవైపు ఎలా కనిపిస్తోందో పోల్చండి.

పలాస_జీడిమామిడి
మధ్యలో నా సంగతి చెప్పవలసి వస్తోంది. హైదరాబాదులో ఉన్న మా బావగారు ఇల్లు మారుతూ వారి స్టవ్వు మాకు ఇచ్చారు. అది కొత్తదానిలా ఉంది. ఇక్కడ సిలిండరుకు పెట్టగానే నాలుగు బర్నర్లూ మూరెడు పొడుగు పసుపు మంటలు కొట్టాయి. సాలెగూళ్ళు నాలుగింటిలోనూ ఉంటాయా?

మరమ్మతు_నాయుడు
బావగారింట్లో సిలిండరు ఉండేదా, గోడలోంచి పైపు గ్యాసు వచ్చేదా?

పలాస_జీడిమామిడి
పైపు గ్యాసే.

మరమ్మతు_నాయుడు
అయితే అది సాలెగూడు కాదు. పైపులో వచ్చేది సహజవాయువు. ఒకే పరిమాణంలో దానికి సిలిండరు గ్యాసు కంటే వేడి తక్కువ, పీడనం కూడా తక్కువ. అందుకే పైపు గ్యాసు స్టవ్వులకు పెద్ద రంధ్రాల జెట్లు వేస్తారు. అదే జెట్టులో సిలిండరు గ్యాసు పంపితే కావలసిన దాని కంటే చాలా ఎక్కువ వేడి ఒక్కసారిగా వస్తుంది. ఆ స్టవ్వును ఇప్పుడే ఆపేయండి. ఆ కంపెనీ సర్వీసు వారిని పిలిచి నాలుగు జెట్లూ సిలిండరు గ్యాసువి వేయించుకున్న తరువాతే వాడండి. కొన్ని స్టవ్వులకు జెట్లతో పాటు ఇంకొన్ని భాగాలు కూడా మార్చవలసి ఉంటుంది.

పలాస_జీడిమామిడి
ఆపేశాను. మా ఆవిడ ఆ స్టవ్వును మొదటి నుంచీ వద్దంటూనే ఉంది.

బొబ్బిలి_వీణ
మా ఆయనా నేనూ కలిసి ఇప్పుడే చూశాము. కుడివైపు గొట్టంలోంచి టార్చి వెలుతురు గుండ్రంగా, స్పష్టంగా కనిపించింది. ఎడమవైపు మసక వెలుగు మాత్రమే కనిపించింది. పాలసీసా తోమే సన్నని బ్రష్షు పొడిగానే దూర్చి మెల్లగా తిప్పి లాగితే, దూదిలా తెల్లని ఉండ ఒకటి బయటికి వచ్చింది. పైన బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంది, లోపల బియ్యపు గింజంత సాలెగుడ్ల సంచి, ఎండిన దోమరెక్కలు కనిపించాయి. సరిగ్గా జెట్టు ఎదురుగా, గొట్టం సన్నబడే చోట పట్టుకుని ఉంది. జెట్టు రంధ్రం మాత్రం శుభ్రంగా ఉంది కనుక దాన్ని ముట్టుకోలేదు. మిగిలిన రెండు గొట్టాలు కూడా బ్రష్షుతో తుడిచేశాము.

తిరిగి పెట్టి వెలిగిస్తే పసుపు పూర్తిగా పోయింది. కానీ ఇప్పుడు మంట బుస్సుమంటూ బర్నరును వదిలి పైకి ఎగురుతోంది, చిన్నమంట పెడితే ఆరిపోతోంది కూడా.

మరమ్మతు_నాయుడు
అది మంచి లక్షణమే. సాలెగూడు ఉండగా మీరు రేకు మూత పూర్తిగా తెరిచారు. అడ్డు పోయాక గాలి అవసరానికి మించి వెళుతోంది. మంటను చూస్తూ రేకును కొంచెం కొంచెంగా మూయండి. మంట బర్నరు రంధ్రాలకు అంటుకుని, శబ్దం లేకుండా, లోపల కోసుగా ముదురు నీలం, బయట లేత నీలం కనిపించే చోట ఆపండి. కొసల్లో పసుపు మొదలైతే కొంచెం వెనక్కు తెరవండి. చేయి పెట్టేటప్పుడు మంట ఆర్పి, చల్లారాకే జరపండి.

పోయేముందు మరొక పని ఉంది. రెగ్యులేటరు తీసి పెట్టారు కనుక, సబ్బునీటి నురగ రెగ్యులేటరు దగ్గర, రబ్బరు ట్యూబు రెండు చివర్ల దగ్గర రాసి బుడగలు వస్తాయేమో చూడండి. అగ్గిపుల్లతో చూడవద్దు. ఎప్పుడైనా గ్యాసు వాసన గట్టిగా వచ్చి ఆగకపోతే, విద్యుత్ స్విచ్చులు ముట్టుకోకుండా సిలిండరు కట్టేసి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయాలి.

బొబ్బిలి_వీణ
రేకు సర్దాను, మంట నీలంగా, గుండ్రంగా నిలిచింది. సబ్బు నురగలో బుడగలు రాలేదు. ఇక ఇగ్నిషన్ ఒక్కటి మిగిలింది. టిక్కుటిక్కుమంటుంది, ఇప్పుడు కూడా నాలుగైదు సార్లలో ఒకసారి మాత్రమే అంటుకుంటోంది. మిగిలిన రెండు బర్నర్లు వెంటనే అంటుకుంటున్నాయి.

కంటోన్మెంట్_రావు
ఈసారి మాత్రం బ్యాటరీ అని గట్టిగా చెబుతున్నాను.

ఆమదాలవలస_మాస్టారు
మూడు బర్నర్లకూ ఒకే బ్యాటరీ ఉంటుంది కదా రావు గారూ. నాయుడు గారు మొదట చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. బ్యాటరీ నీరసిస్తే టిక్కులు మెల్లగా, ఎడంగా పడతాయి, అది అన్ని బర్నర్లకూ తెలుస్తుంది.

కంటోన్మెంట్_రావు
పాత బ్యాటరీ వల్ల నిప్పురవ్వ బలహీనంగా ఉండి, మిగిలిన రెండు ఎలాగోలా అంటుకుంటూ ఉండవచ్చు కదా. బ్యాటరీ మార్చడానికి ఖర్చేముంది?

మరమ్మతు_నాయుడు
రావు గారి మాట తీసిపారేయదగినది కాదు, బ్యాటరీ మార్చి చూడడంలో నష్టమేమీ లేదు. కానీ దానికంటే ముందు చీకట్లో చూడండి. రాత్రి వంటగది లైటు ఆర్పి, రెగ్యులేటరు కట్టేసి, గ్యాసు లేకుండా నాబ్ నొక్కండి. బర్నరు పక్కన తెల్లని పింగాణీ పుల్ల ఉంటుంది, దాని కొస నుంచి బర్నరు అంచుకు నీలిరంగు రవ్వ దూకాలి. ఆ ఎడం మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల లోపు ఉంటే సరిపోతుంది. రవ్వ ఎక్కడ దూకుతోందో చూసి చెప్పండి. అలాగే పింగాణీ పుల్లకు ఎదురుగా ఉన్న రంధ్రాలు తెరిచి ఉన్నాయా లేదా అన్నది కూడా చూడండి. మిగిలిన అన్ని రంధ్రాలూ బాగున్నా ఆ రెండు మూడు మూసుకుంటే రవ్వ దగ్గరకు గ్యాసు రాదు, పక్క రంధ్రాల నుంచి వచ్చిన గ్యాసు పోగుపడి అంటుకునేసరికి భగ్గుమంటుంది. అందుకే అయిదు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ కట్టేసి, రెండు మూడు నిమిషాలు కిటికీ తెరిచి ఉంచి మళ్ళీ ప్రయత్నించాలి. ఈ గ్యాసు గాలి కంటే బరువైనది, కిందికి దిగి పేరుకుంటుంది, కనిపించదు.

బొబ్బిలి_వీణ
చీకట్లో చూశాము. కుడివైపు రవ్వ కొస నుంచి బర్నరుకు దూకింది. ఎడమవైపు కొస దగ్గర అప్పుడప్పుడు మాత్రమే కనిపించింది, ఎక్కువసార్లు పింగాణీ మొదట్లో, దాన్ని పట్టి ఉంచే రేకు బిగింపు దగ్గర మెరిసింది. వెలుతురులో చూస్తే అక్కడ వెంట్రుకంత నల్లని గీత ఉంది. ఎదురుగా ఉన్న రంధ్రాల్లో రెండింటి మీద చోడి అంబలి పొంగి ఎండిపోయిన నల్లని పొర కూడా ఉంది. నేను పొడిచినప్పుడు పైపైన తెరుచుకుంది గాని లోపలి అంచులో గట్టిగా అతుక్కునే ఉంది.

మరమ్మతు_నాయుడు
రెండు కారణాలూ కలిసి ఉన్నాయి. ఆ నల్లని గీత పింగాణీలో బీట. కొస వరకు వెళ్ళవలసిన విద్యుత్తు బీటలోని మసి, జిడ్డు మీదుగా దగ్గరి దారిలో రేకులోకి దూకిపోతోంది. బ్యాటరీ తీసేసి, ఆరిన గుడ్డకు కొంచెం స్పిరిట్ అద్ది ఆ గీత తుడిచి, పూర్తిగా ఆరాక చూడండి. అది మసి గీత మాత్రమే అయితే తుడుచుకుపోతుంది. నిజంగా బీటే అయితే కొద్ది రోజులు పనిచేసి మళ్ళీ మొరాయిస్తుంది, అప్పుడు ఆ పుల్ల మార్చాలి. టేపు చుట్టవద్దు, వేడికి కరిగి కంపు కొడుతుంది.

అంబలి పొర విషయానికి వస్తే, గట్టిపడిన పిండిని పొడిచి తీయాలనుకోవడం వృథా. బర్నరును వేడి నీటిలో గిన్నెలు తోమే సబ్బు వేసి అరగంట నానబెడితే పిండి ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు పళ్ళు తోమే పాత బ్రష్షుతో రుద్ది, తరువాతే ఒక్కొక్క రంధ్రంలో సన్నని తీగ దూర్చాలి. అగ్గిపుల్ల, చీపురుపుల్ల వాడితే కొస లోపల విరిగిపోతుంది. కడిగాక బోర్లించి తట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని రంధ్రాలన్నీ ఒకే తీరుగా కనిపిస్తున్నాయో లేదో చూడండి. తడి ఆరకుండా పెడితే రంధ్రాల్లో నీరు నిలిచి మంట చిటపటలాడుతుంది, ఇగ్నిషన్ కూడా అంటుకోదు.

రాజాం_కోడలు
మా అత్తగారు చింతపండు, ఉప్పు కలిపి తోమితేనే ఇత్తడి బర్నరు బాగుంటుందంటారు. మీరు సబ్బునీళ్ళు చాలంటున్నారు.

మరమ్మతు_నాయుడు
చింతపండు ఇత్తడి మెరుపు తెస్తుంది, పిండిపొరను మాత్రం పెద్దగా కరిగించదు. ఇత్తడికి చింతపండు వాడితే తప్పు లేదు గాని ఎక్కువసేపు నానబెట్టకుండా వెంటనే మంచినీళ్ళతో కడిగేయాలి. మీ బర్నరు అల్యూమినియంది అయితే చాకలి సోడా జోలికి పోవద్దు, నల్లబడి గుంతలు పడుతుంది.

చీపురుపల్లి_వంటశాల
నేను అల్యూమినియం బర్నర్లను వంటసోడాతోనే కడుగుతున్నాను, ఏమీ కాలేదు.

ఆమదాలవలస_మాస్టారు
వంటసోడా చాకలి సోడా కంటే చాలా మెత్తనిది. ఒకసారి కడిగితే కనిపించదు గాని వేడినీటిలో నానబెడితే అల్యూమినియం రంగు మారుతుంది.

చీపురుపల్లి_వంటశాల
రంగు మారిన మాట నిజమే, దానివల్ల మంటకు మాత్రం తేడా రాలేదు. నాకు సోడాయే తేలిక, వదలను.

బొబ్బిలి_వీణ
నానబెట్టి రుద్దాక పొర పూర్తిగా పోయింది. గీతను స్పిరిట్‌తో తుడిస్తే సగం పోయింది, సగం ఉంది. రావు గారి మాట ప్రకారం బ్యాటరీ కూడా మార్చాను. ఇప్పుడు ఎక్కువసార్లు అంటుకుంటోంది, వాన పడి గాలి చెమ్మగా ఉన్న పూట మాత్రం మొండికేస్తోంది. మా ఊళ్ళో స్టవ్వు సామాను అమ్మే దుకాణంలో అడిగితే మా స్టవ్వుకు సరిపోయే పింగాణీ పుల్ల లేదన్నారు, తెప్పిస్తామన్నారు.

కంటోన్మెంట్_రావు
బ్యాటరీ పని చేసిందన్నమాట.

బొబ్బిలి_వీణ
మూడు పనులూ ఒకేసారి చేశాను కనుక దేనివల్ల మెరుగైందో చెప్పలేను రావు గారూ.

మరమ్మతు_నాయుడు
చెమ్మ ఉన్న పూట మొరాయిస్తోందంటే బీటేనని నా అనుమానం. పుల్ల వచ్చేదాకా చేతి లైటరు వాడండి. లైటరు బర్నరు దగ్గర పట్టుకుని కొడుతూనే నాబ్ తిప్పండి, ముందు గ్యాసు వదలవద్దు. పాత పుల్ల తీసుకెళ్ళి దుకాణంలో పక్కపక్కన పెట్టి పొడవు చూసి కొనండి, పొడవు తేడా వస్తే రవ్వ దూకే ఎడం మారిపోతుంది.

కళింగపట్నం_అల
మళ్ళీ ఇల్లు మూసి ఊరు వెళితే సాలీడు రాకుండా ఏదైనా మార్గం ఉందా? మందు కొట్టవచ్చా?

మరమ్మతు_నాయుడు
గొట్టంలోకి పురుగుల మందు కొట్టవద్దు, అది మండే గుణమున్నది, తరువాత వెలిగించినప్పుడు ప్రమాదం. వెళ్ళేముందు రెగ్యులేటరు తీసేసి, బర్నర్ల మీద మందపాటి గుడ్డ కప్పితే దుమ్ము పడదు. సాలీడు కింది నుంచి దూరుతుంది కనుక పూర్తిగా ఆపలేము. తిరిగి వచ్చాక వెలిగించేముందు ఒకసారి టార్చి వేసి చూసుకోవడమే నాకు తెలిసిన మార్గం.

రాజాం_కోడలు
రాత్రంతా ఫ్యాను పెట్టాను. రెండు నాబ్‌లకు టిక్కులు ఆగాయి, మూడోది ఇంకా కొడుతూనే ఉంది. ఆ ఒక్క స్విచ్చి విడిగా దొరుకుతుందా, మొత్తం వైర్లతో సహా కొనాలా?

మరమ్మతు_నాయుడు
కొన్ని స్టవ్వుల్లో మూడు స్విచ్చులూ ఒకే వైరుకు కుట్టి వస్తాయి, అప్పుడు మొత్తం మార్చవలసిందే. మీ స్టవ్వు కింద అంటించిన మోడల్ నంబరు రాసి పెట్టండి, చూసి చెబుతాను. అప్పటిదాకా బ్యాటరీ బయటే ఉంచండి.